బడిలో నోరు విప్పని పాప: తలుపు అవతలి నుంచి టీచరును లోపలికి తేవడం

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది. బడిలో మాత్రం ఏడాదిన్నరగా ఒక్క మాట లేదు. హాజరు పిలిచినా తల దించుకుంటుంది. పరీక్షించిన నిపుణురాలు ఇది సెలెక్టివ్ మ్యూటిజం, అంటే కొన్ని చోట్ల భయంతో మాట పెగలకపోవడం అని తేల్చి, అంచెలంచెలుగా అలవాటు చేయమన్నారు. టీచరూ నేనూ ఇద్దరమూ సిద్ధమే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎప్పుడు వెళ్లాలి అన్నదే తెలియడం లేదు. బహుమతులు ఆశ చూపాం, ఫలితం లేదు.

సమాధానం:

మొదలుపెట్టాల్సింది టీచరుతో కాదు, మీతో. బడిలోనే తలుపు మూసిన ఒక చిన్న గదిలో, మీరూ పాపా ఇద్దరే కూర్చుని ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకోవడం మొదటి మెట్టు. అక్కడ పాప గొంతు మామూలుగా పలికాక టీచరు బయటి నుంచి కొంచెం కొంచెంగా లోపలికి వస్తారు. పాపను టీచరు వైపు తోయడం కాదు, మాట ఇప్పటికే ఉన్న చోటికి టీచరును తేవడం అన్నమాట. దీనికి స్లైడింగ్ ఇన్ అని పేరు. పిల్లల మాటకు సంబంధించిన చికిత్సలో నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఇంట్లో ధారాళంగా మాట్లాడే ఈ వయసు పిల్లలకు నేను ముందుగా ఎంచుకునేది ఈ దారే.

బహుమతి ఎందుకు పనిచేయలేదో ముందు చెబుతాను, ఎందుకంటే ప్రణాళిక అంతా ఆ కారణం మీదే నిలబడింది. ఎవరో ప్రశ్న అడుగుతారు. పాపలో భయం ఒక్కసారిగా పొంగుతుంది, గొంతు పెగలదు. నాలుగు క్షణాలు గడిచాక పెద్దవాళ్లు జాలిపడి తామే జవాబు చెబుతారు, లేదా పక్కనున్న స్నేహితురాలు చెబుతుంది, లేదా టీచరు వేరే పిల్లవాడి వైపు తిరుగుతారు. భయం దిగిపోతుంది. ఆ దిగడంలో ఉన్న హాయి, మౌనాన్ని మరింత గట్టిపరుస్తుంది. ఏడాదిన్నరలో మీ పాపకు ఇది వేలసార్లు జరిగి ఉంటుంది. ఇలాంటి పిల్లకు బొమ్మ చూపించి "మాట్లాడితే ఇస్తాను" అంటే, చేయాలని ఉండీ చేయలేని పనికి ఇంకో పరీక్ష తోడైనట్టే. మాట్లాడదలచుకోకపోవడం వేరు, మాట పెగలకపోవడం వేరు. ఈ తేడా వైద్యులకే చాలాకాలం పట్టుబడలేదు. 1877లో జర్మన్ వైద్యుడు కుస్మౌల్ దీన్ని "ఐచ్ఛిక" మౌనం అన్నాడు. 1934లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు ట్రామర్ పెట్టిన ఎలెక్టివ్ మ్యూటిజం అన్న పేరులోనూ పిల్లే కావాలని ఎంచుకుందన్న నింద ఉంది. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో 1994లో ఆ పేరు సెలెక్టివ్ అయింది, 2013లో దీన్ని ఆందోళన రుగ్మతల కింద చేర్చారు. పేరు మారినా "మొండి పిల్ల" అన్న మాట ఉపాధ్యాయుల గదుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

మీ పాపకు నిర్ధారణ అయింది కాబట్టి వినికిడి, భాషాభివృద్ధి పరీక్షలు జరిగే ఉంటాయి. జరగకపోతే ముందు చేయించండి. ఇది చదివే ఇతరులకు ఒక మాట: బడిలో చేరిన తొలి నెలలో పిల్ల మౌనంగా ఉంటే దాన్ని ఈ సమస్యగా లెక్కించరు. బడి భాష ఇంటి భాష కాని పిల్లలు కొంతకాలం మాట్లాడకుండా వింటూ ఉండటం కూడా మామూలే. అయితే తనకు బాగా వచ్చిన భాషలో కూడా బడిలో పెదవి విప్పలేకపోతే దాన్ని భాష ఖాతాలో వేయకూడదు.

ఇక ఏర్పాట్లు. బడి తరఫున ఒక్క మనిషి చాలు. ఆ మనిషి క్లాసు టీచరే కానక్కర్లేదు. వారానికి మూడు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తప్పకుండా ఇవ్వగలిగినవారు కావాలి. వారానికి ఒకసారి గంటసేపు కూర్చోవడం కన్నా ఈ మూడు పదిహేనులు ఎంతో మేలు. మధ్యలో రోజులు ఎక్కువైతే పాప ప్రతిసారీ మొదటి నుంచి ధైర్యం కూడగట్టుకోవాలి. గది కూడా ఎవరూ హఠాత్తుగా లోపలికి రానిదై ఉండాలి. ఒకసారి నేను ఎంచుకున్న గదిలోకి ఎవరో సుద్దముక్కల పెట్టె కోసం వచ్చారు. ఆ ఒక్క రాకతో ఆ పూట కథ ముగిసింది.

గదిలో అడుగుపెట్టడానికి ముందు రెండు వారాలు టీచరుకు ఒక ప్రత్యేకమైన పని ఉంది: పాప పక్కన కూర్చుని ఏమీ అడగకుండా ఆడటం. పాప చేస్తున్నది పైకి చెబుతూ ఉండాలి, అంతే. "ఎర్ర దిమ్మ మీద నీలం దిమ్మ పెట్టావు. ఇంటికి తలుపు కూడా వచ్చేసింది." ఇందులో జవాబు ఇవ్వాల్సిన బరువు లేదు. చెప్పినంత తేలిక కాదు ఇది. టీచర్లకు ప్రశ్న అడగడం ఊపిరి తీసుకున్నంత సహజం కాబట్టి మొదటి రోజు రెండు నిమిషాలకే "ఇదేం రంగు?" అని దొర్లిపోతుంది. దొర్లితే కంగారు పడకుండా మళ్లీ వర్ణనలోకి వెళ్లిపోతే సరి.

పాపకు విషయం దాచకండి. ఆరేళ్ల పిల్లకు తన ఇబ్బంది తెలుసు, పెద్దవాళ్లకు అది తెలుసన్నదే తనకు తెలియదు. "బడిలో మాటలు గొంతులో ఇరుక్కుపోతాయి కదా. కొంతమంది పిల్లలకు అలా అవుతుంది. కొంచెం కొంచెంగా సాధన చేస్తే తగ్గుతుంది. నువ్వు సిద్ధంగా లేని మెట్టు ఎక్కమని ఎవరూ అనరు" అని మీరు ఇంట్లో చెప్పండి, టీచరు కూడా తన మాటల్లో చెప్పాలి. టీచరును తలుపు వెనక దాచి పాప గొంతు విని, "చూశావా, నేను విన్నాను!" అని బయటపడే ఉపాయాలు కొందరు చేస్తుంటారు. దయచేసి వద్దు. ఆ తరువాత ఆ పిల్లకు ఏ తలుపు మీదా నమ్మకం ఉండదు.

మెట్లు ఎలా సాగుతాయో, నేను ఒక టీచరుతోనూ తల్లితోనూ కలిసి పనిచేసిన ఒక పాప విషయంతో చెబుతాను. ఆ పాపకూ ఆరేళ్లే. మేం ఎంచుకున్న పని అంకెలు. తల్లి "ఒకటి" అంటే పాప "రెండు", తల్లి "మూడు", పాప "నాలుగు", అలా ఇరవై దాకా. ఇంత పేలవమైన ఆట ఎందుకని ఆ తల్లి అడిగింది. పేలవంగా ఉండటమే దాని గుణం. తరువాత రావాల్సిన మాట ముందే తెలుసు, వెతుక్కోనక్కర్లేదు. అభిప్రాయం చెప్పనక్కర్లేదు, తప్పు పోతుందన్న బెదురు తక్కువ, ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. గొంతు బయటికి రావడం అన్న ఒక్క కష్టమే మిగులుతుంది. కబుర్లు చెప్పించడంతో మొదలుపెడితే రెండు మూడు కష్టాలు ఒకేసారి మీద పడతాయి.

మొదటి రోజు తలుపు మూసి ఉంది, టీచరు వరండా చివర ఉన్నారు, ఆ సంగతి పాపకు తెలుసు. తల్లీ పాపా ముందు కాసేపు బొమ్మలతో ఆడారు, పాప గొంతు మామూలు స్థాయికి వచ్చాక ఇరవై దాకా లెక్కపెట్టారు. తరువాతి మెట్టులో టీచరు మూసిన తలుపుకు అవతలే నిలబడ్డారు. ఆ తరువాత తలుపు జానెడు తెరిచాం. ఆపైన పూర్తిగా తెరిచి, టీచరు అటు తిరిగి నిలబడ్డారు. తరువాత గది లోపల, తలుపు దగ్గరే, వీపు ఇటు పెట్టి కుర్చీలో కూర్చున్నారు. అక్కడి నుంచి కుర్చీ ఒక్కో రోజు కొంచెం దగ్గరికి జరిగింది, చివరికి బల్ల దగ్గరికి చేరింది. ఇంతవరకూ టీచరు నోరు విప్పలేదు, తమ పుస్తకం తాము చూసుకుంటూ ఉన్నారు.

తరువాత టీచరు కూడా లెక్కలో చేరారు. మొదట తల్లి, పాప, టీచరు అన్న వరుస పెట్టాం. పాప అప్పటికీ తల్లి మాటకే బదులిస్తోంది, టీచరు తన వెనక వస్తున్నారు. అది స్థిరపడ్డాక వరుస మార్చాం: తల్లి, టీచరు, పాప. ఇప్పుడు పాప టీచరు మాట అందుకోవాలి. చూడటానికి చిన్న మార్పు, నిజానికి మొత్తం ప్రణాళికకు మలుపు అక్కడే. ఆ తరువాత తల్లి తన వంతులు తగ్గించుకుని, కుర్చీ వెనక్కి జరుపుకుని, తలుపు దగ్గరికి, ఆపైన బయటికి వెళ్లింది. టీచరు లోపలికి వచ్చిన దారిలోనే తల్లి బయటికి వెళ్తుందన్నమాట.

ఎప్పుడు ముందుకు వెళ్లాలి అన్నారు కదా. నేను రెండు చూస్తాను. ఒకటి, గొంతు: ముందు మెట్టులో ఎంత బిగ్గరగా పలికిందో ఇక్కడా అంతే పలుకుతోందా. రెండు, ఒళ్లు: మెడ, భుజాలు బిగుసుకున్నాయా, ముఖంలో కదలిక ఆగిపోయిందా, చేతిలో బొమ్మ కదలడం మానేసిందా. వీటితో పాటు పాపనే అడుగుతాం. భయం ఎంత ఉందో అయిదు వేళ్లలో చూపించమంటాం. ఒకటి రెండు వేళ్లయితే తరువాతి మెట్టు. మూడయితే అదే మెట్టు మళ్లీ. నాలుగు, అయిదయితే మెట్టు ఎత్తుగా ఉందని అర్థం, దాన్ని రెండుగా విడగొట్టాలి. ఒక్కో మెట్టు ఒక్కసారికే తేలికపడవచ్చు, నాలుగైదు సార్లు పట్టవచ్చు. ఒకే కూర్చోవడంలో రెండు మూడు మెట్లు దాటిన రోజులూ ఉంటాయి. అయితే మరీ సుఖంగా ఉన్న మెట్టు మీద వారాల తరబడి కూర్చోవడం కూడా తప్పే. కొంచెం భయం ఉండాలి, పాప దాన్ని దాటానని గమనించాలి. అలవాటు పడేది అక్కడే.

ఆ పాపతో మేం మొదట ఇరుక్కున్నది తలుపు పూర్తిగా తెరిచిన రోజు. అయిదో అంకె నుంచి గొంతు గుసగుసగా మారింది. నేను ఆలోచించి చూస్తే తప్పు మాదే: ఆ రోజు తలుపు తెరిచాం, అదే పూట టీచరు ఇటు తిరిగి నవ్వారు కూడా. ఒకేసారి రెండు మార్పులు. మరుసటిసారి జానెడు తలుపు దగ్గరికి వెనక్కి వెళ్లి, అక్కడ గొంతు నిలిచాక తలుపు తెరిచాం, టీచరు వీపు ఇటే పెట్టారు. రెండు కూర్చోవడాల్లో దాటిపోయింది. గుసగుస గురించి చాలామంది "ఏదో ఒకటి, వస్తోంది కదా" అనుకుంటారు. నేను దాన్ని మెట్టుగా ఒప్పుకోను. గుసగుసలో గొంతు తీగలు పలకవు, పిల్ల అక్కడే స్థిరపడిపోతే దాన్ని మార్చడం ఇంకో పని అవుతుంది. కోప్పడనక్కర్లేదు, మెచ్చుకోనూ అక్కర్లేదు. గొంతు ఉన్న మెట్టుకు దిగితే సరి. మీ చెవిలో చెప్పి మీతో చెప్పించడం కూడా ఇలాంటిదే.

రెండో చిక్కు మెచ్చుకోలుతో వచ్చింది. మూడో వారంలో ఒక మధ్యాహ్నం పాప బొమ్మ చూస్తూ తనంతట తానే "ఇది కుందేలు" అంది. పక్కనే ఉన్న ఇంకో ఉపాధ్యాయురాలు చప్పట్లు కొట్టి, "అబ్బో, మాట్లాడేసిందే!" అని పదిమందినీ పిలిచారు. ఆ తరువాత రెండు వారాలు ఒక్క మాట రాలేదు. ఈ పిల్లలకు అందరి చూపూ తమ మీద పడటమే అసలు భయం. అలాంటప్పుడు మాటకు మాటే జవాబు: "అవును, చెవులు ఎంత పొడుగో" అని కొనసాగించాలి. మెట్టు ప్రయత్నించినందుకు గదిలోనే, నెమ్మదిగా ఒక చిన్న అంటింపు బొమ్మ ఇవ్వడంలో తప్పు లేదు. అయితే అది ప్రయత్నానికి ఇచ్చేదే కానీ పెద్ద గంతుకు లంచం కాకూడదు.

తల్లి బయటికి వెళ్లి టీచరూ పాపా ఇద్దరే లెక్కపెట్టే దశకు మాకు ఏడు వారాలు పట్టింది, అందులో రెండు ఆ చప్పట్ల ఖర్చు. తరువాత అంకెల నుంచి వారాల పేర్లకు, వాటి నుంచి బొమ్మల పేర్లకు, ఆపైన "నాకు ఇష్టమైన రంగు..." లాంటి సగం వాక్యాన్ని పూర్తి చేయడానికి వెళ్లాం. ప్రశ్నలు మొదలయ్యాక వాటి రూపం ముఖ్యం. "కుందేలు కావాలా?" అంటే తల ఊపేస్తుంది, తల ఊపడం మాటకు అడ్డదారి. "కుందేలు కావాలా, ఏనుగు కావాలా?" అనాలి. అడిగాక మనసులో అయిదు లెక్కపెడుతూ ఆగాలి. ఈ అయిదు క్షణాలు పెద్దవాళ్లకు అయిదు నిమిషాల్లా ఉంటాయి, అందుకే ఎవరూ ఆగరు. అయిదయ్యాక జవాబు రాకపోతే ఒకసారి మళ్లీ అడగండి. అప్పటికీ రాకపోతే ప్రశ్న ఆ పాపకు ఇంకా ఎత్తుగా ఉందని గుర్తుపెట్టుకుని, "సరే, తరువాత చూద్దాం" అని ఆటలోకి వెళ్లిపోండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి.

గది నుంచి తరగతికి వెళ్లడంలోనే చాలా ప్రణాళికలు కూలిపోతాయి. టీచరుతో మాట్లాడుతోంది కదా అని మర్నాడే తరగతిలో లేపి చదవమంటారు. పాపకు అక్కడ మనిషి ఒకరే పాతది. చోటు కొత్తది, వినేవాళ్లు ముప్పై మంది, పని కొత్తది. నేను పాటించే నియమం ఇది: మనుషులు, చోటు, పని, ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కటే మారాలి. నేను చెబుతున్న ఆ పాప విషయంలో ముందు మనుషులను మార్చాం. తనకు ఇష్టమైన ఒక స్నేహితురాలిని అదే గదికి, అదే టీచరుతో, అదే అంకెల ఆటకు, మళ్లీ తలుపు దగ్గర నుంచే తెచ్చాం. ఈసారి మెట్లు నాలుగే పట్టాయి. రెండో పిల్లకు మూడు. అయిదుగురు అయ్యాక చోటు మార్చాం: అదే అయిదుగురు, అదే ఆట, బడి వదిలాక ఖాళీ తరగతి గదిలో. ఆ తరువాత మిగతా పిల్లలు అటు చివర తమ పని చేసుకుంటుండగా ఒక మూల. పని మార్చడం చివరికి వచ్చింది.

హాజరు చాలా చిన్న మాటలా కనిపిస్తుంది కానీ దాన్ని చివర్లో పెట్టండి. తన పేరు దగ్గరపడుతున్నకొద్దీ భయం పేరుకుంటూ ఉంటుంది, పేరు రాగానే గది మొత్తం నిశ్శబ్దమై ఎదురుచూస్తుంది. మేం ముందు ఆ అయిదుగురి గుంపులో హాజరు ఆట ఆడించాం, తరువాత తరగతిలో వరుసకు వరుస కలిసి పలికే పద్ధతి పెట్టాం, ఆపైన పాప పేరును జాబితాలో పైకి జరిపి ఎదురుచూపు తగ్గించాం. "ఉన్నాను" అన్న మాట ఆరో నెలలో వచ్చింది. టీచరు తల ఎత్తకుండా తరువాతి పేరు పిలిచారు. ఆమె చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది అదే.

ఈ నెలల్లో తరగతి రోజువారీగా ఎలా నడవాలన్నది టీచరు అడుగుతారు. మెట్టుకు చేరని పనుల్లో మాట ఆశించకుండా చేతితో చూపడం, రాయడం అనుమతించండి. పఠనం మార్కుల కోసం ఇంట్లో చదివిన వీడియో తీసుకోవచ్చు, అది టీచరు చూస్తారని పాపకు చెప్పి, ఒప్పుకుంటేనే. మరుగుదొడ్డికి వెళ్లాలని, ఒంట్లో బాగాలేదని చెప్పడానికి మాత్రం ఈ రోజే ఒక కార్డు ఇవ్వండి. అడగలేక గంటల తరబడి బిగబట్టుకునే పిల్లలు నాకు తెలుసు. "కార్డు ఇస్తే ఇక మాట్లాడదేమో" అన్న సందేహం ఈ రెండు అవసరాల దగ్గర పనికిరాదు.

మీ వంతుగా ఇంటి బయట ఒక అలవాటు మానుకోవాలి. ఎవరైనా పాపను పేరు అడిగితే మీరు చెప్పేస్తుంటారు, అవునా? ఇకమీదట అయిదు లెక్కపెట్టండి. పాప చెప్పకపోతే ఆ ప్రశ్ననే మీరు పాప వైపు తిరిగి ఎంపిక రూపంలో అడగండి, మీకు చెప్పే జవాబు అవతలివాళ్లకు వినిపిస్తుంది. అదీ రాకపోతే "ఇంకోసారి చెబుతుంది" అని ముగించండి. "మా పాపకు సిగ్గు" అని పాప ముందు అనకండి.

రెండు మూడు నెలలు ఈ పద్ధతిని సరిగ్గా నడిపినా మొదటి మెట్ల దగ్గరే ఉంటే, లేదా ఇంట్లో కూడా మాట తగ్గుతుంటే, బడికి వెళ్లనంటుంటే, నిర్ధారణ చేసిన నిపుణురాలి దగ్గరికి తిరిగి వెళ్లండి. ఆటిజం వంటిది తోడుగా ఉందేమో మళ్లీ చూడాల్సి రావచ్చు. ఆందోళన మరీ ఎక్కువగా ఉన్నవారికి, ముఖ్యంగా ఏళ్ల తరబడి మౌనం పాతుకున్న పెద్ద పిల్లలకు, పిల్లల మనోవైద్యులు ఫ్లూక్సెటిన్ లాంటి మందును సాధనతో పాటు కొంతకాలం వాడటం ఉంది. సాధన లేకుండా మందు ఒక్కటే ఇస్తే తగ్గిన భయాన్ని వాడుకునే అవకాశం పాపకు దొరకదు.

సెలవుల తరువాత రెండు మూడు మెట్లు వెనక్కి జారడం మామూలు. నేను చెప్పిన ఆ పాప రెండు వారాల సెలవు తరువాత టీచరుతో కూడా మొదటి రోజు పలకలేదు. తల్లిని రెండు పూటలు గదికి పిలిచి, మళ్లీ ముగ్గురి లెక్కతో మొదలుపెడితే మూడో పూటకు పాత చోటికి వచ్చింది. పెద్ద జారుడు తరగతి మారినప్పుడు ఉంటుంది. అందుకే సంవత్సరం ముగియడానికి కనీసం నెల ముందే వచ్చే ఏడాది టీచరు ఎవరో తేల్చమని బడిని అడగండి. ఈసారి లోపల కూర్చుని లెక్కపెట్టేది ఇప్పటి టీచరూ పాపా, తలుపు బయట నిలబడేది కొత్త టీచరు.